ఓటీపీ మాత్రం అక్క ఫోన్‌కే

శతకాలకి, దండకాలకి, ఆఖరికి పెళ్లి శుభలేఖలకి కూడా మన దగ్గర విమర్శకులు ఉన్నారు గానీ హ్యాండోవర్ మెయిల్ అనే ప్రక్రియని మాత్రం ఇప్పటిదాకా ఏ పండితుడూ పట్టించుకోలేదు, ఆ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది. ఎందుకంటే జులై ఆఖర్లో ఒకటి అందుకున్నవాణ్ని నేనే. లక్షణాలు క్లుప్తంగా చెప్తాను: సెలవు మీద వెళ్ళేవాళ్ళు తమ పనులు అప్పగిస్తూ ఆఖరి రోజు సాయంత్రం బ్యాగ్ సర్దుకున్నాక రాస్తారు, సగం పని అయినదాన్ని "ఆల్‌మోస్ట్ డన్" అంటారు, అసలు మొదలెట్టనిదాన్ని "ఫాలో అప్‌లో ఉంది" అంటారు, చివర్లో ఫలశ్రుతి లాగా "ఏ డౌట్ ఉన్నా కాల్ చెయ్" అని ఒక వాక్యం, దాని కిందే "నెట్‌వర్క్ సరిగ్గా ఉండకపోవచ్చు" అని ఇంకో వాక్యం.

మాది జీడిమెట్లలో వాల్వులు తయారుచేసే చిన్న పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. ఇద్దరు అన్నదమ్ములు ఓనర్లు, పెద్ద సార్, చిన్న సార్. అకౌంట్స్ అంటే అక్క. నేను స్టోర్స్‌లో బిల్లులు కొట్టేవాణ్ని. అక్కకి తొమ్మిదో నెల వస్తోంది, చట్టప్రకారం 26 వారాల ప్రసూతి సెలవు. ఇది 2017 దాకా 12 వారాలే ఉండేది, పెంచినందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను, ఆ 26 వారాలూ అకౌంట్స్ చూసేది నేనే అని తెలిసేదాకా.

మెయిల్ నిజానికి బాగానే రాసింది అక్క, అన్యాయంగా మాట్లాడకూడదు. కాంటాక్ట్స్ అయితే నవల లాగా ఉన్నాయి. ఆడిటర్ ఆఫీసు కుర్రాడు లంచ్ తర్వాతే ఫోన్ ఎత్తుతాడు. బ్యాంకు ఆఫీసర్ మేడమ్‌కి ముందు "బాగున్నారా" అనాలి, చెక్కు సంగతి ఆ తర్వాతే. ఇంతవరకూ ఏ కంప్లైంటూ లేదు. డెడ్‌లైన్స్ దగ్గరే నాకు అభ్యంతరం. ఇలా ఉంది ఆ భాగం: 7 టీడీఎస్, 11 జీఎస్టీఆర్-1, 15 పీఎఫ్, ఈఎస్ఐ, 20 జీఎస్టీఆర్-3బి. అంతే. ఒకే సైజు అక్షరాలు, ఒకే నలుపు రంగు. పంచాంగంలో అయినా వర్జ్యం వేరే, అమృత ఘడియలు వేరే అని రాస్తారు కదండీ, ఇక్కడ అన్నీ ఒకేలా ఉంటే కొత్తవాడు ఏది చూసి భయపడాలి?

సహజంగానే నేను 20 చూసి భయపడ్డాను, జీఎస్టీ అనే మాట టీవీలో ఎక్కువ విన్నాను కాబట్టి. 7ని లైట్ తీసుకున్నాను.

ఆగస్టు 7. జులై జీతాల్లోంచి 31న కోసిన టీడీఎస్ 1,40,000 కట్టాలి. ఉదయమే మొదలెట్టాను, అందుకు నన్ను మెచ్చుకోవాలి. పోర్టల్‌లో చలాన్ తయారైంది, నెట్ బ్యాంకింగ్‌కి వెళ్ళాను, యూజర్ ఐడీ అక్కది, పాస్‌వర్డ్ సీల్డ్ కవర్‌లో ఉంది. ఇది మా ఫర్మ్ పాస్‌వర్డ్ పాలసీ, దీని గురించి కాస్త గౌరవంగా మాట్లాడుకోవాలి. పాలసీ ప్రకారం మెయిల్‌లో పాస్‌వర్డ్ రాయకూడదు, అక్క రాయలేదు. కవర్‌లో పెట్టి సార్ బీరువాలో ఉంచాలి, ఉంచింది. కవర్ తెరిచినవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, పెట్టాను. పెద్ద కార్పొరేట్ కంపెనీకి ఏమాత్రం తీసిపోని పద్ధతి. అంతా అయ్యాక స్క్రీన్ మీద వచ్చింది, రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపాము అని.

రిజిస్టర్డ్ మొబైల్ అక్కది.

ఆ రోజు అక్కకి పుట్టింట్లో శ్రీమంతం. ఫోన్ చేశాను, ఎత్తలేదు, మళ్ళీ చేశాను, పదకొండోసారికి వాళ్ళమ్మగారు ఎత్తారు. "అమ్మాయికి గాజులు తొడుగుతున్నారు బాబూ" అన్నారు. "అమ్మా ఇప్పుడే ఒక మెసేజ్ వచ్చి ఉంటుంది, అందులో నంబరు చెప్పండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని, మెసేజ్ తీసి, నిదానంగా మొత్తం చదివి, "వచ్చింది బాబూ, కానీ ఎవరికీ చెప్పొద్దని ఇందులోనే రాసుందిగా, చెప్పను" అని పెట్టేశారు. ఈ మొత్తం వ్యవహారంలో సెక్యూరిటీ పాలసీని అక్షరాలా పాటించిన మనిషి ఆవిడొక్కరే అని నా అభిప్రాయం.

అక్క రాత్రి తిరిగి ఫోన్ చేసి పాపం చాలా బాధపడింది. కానీ నేను డబ్బు ఎంటర్ చేస్తే సరిపోదు, చెకర్‌గా పెద్ద సార్ అప్రూవ్ చెయ్యాలి, ఆయన తొమ్మిదింటికే పడుకుంటారు. అలా ఆగస్టు 8న కట్టాం, ఒక్క రోజు లేటు.

ఇక్కడే అక్క మెయిల్‌లో లేని జ్ఞానం నాకు ఆడిటర్ ఆఫీసు కుర్రాడి ద్వారా (లంచ్ తర్వాత) కలిగింది. కోసిన టీడీఎస్ లేటుగా కడితే నెలకి ఒకటిన్నర శాతం వడ్డీ, అది రోజుల లెక్క కాదు, నెలలో కొంత భాగం పడినా నెల మొత్తం కింద లెక్కే, పైగా మొదలయ్యేది గడువు రోజు నుంచి కాదు, జీతంలోంచి కోసిన రోజు నుంచి. మేము కోసింది జులై 31న, కాబట్టి జులై ఒక నెల. కట్టింది ఆగస్టు 8న, కాబట్టి ఆగస్టు ఇంకో నెల. రెండు నెలలు, మూడు శాతం, 4,200 రూపాయలు. ఒక్క రోజు లేటుకి. నా బండి ఈఎంఐ కంటే ఎక్కువ.

పెద్ద సార్ ఏమీ అనలేదు, ఒకసారి సీలింగ్ వైపు చూశారు. అనకపోవడమే భయంగా ఉంటుంది. ఆ తర్వాత ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నారు: "ఇకమీదట ఓటీపీలన్నీ నా ఫోన్‌కే రావాలి". జీఎస్టీలో ఇది తేలికే, లాగిన్ అయి నాన్-కోర్ అమెండ్‌మెంట్‌లో ఆథరైజ్డ్ సిగ్నేటరీ మొబైల్ నంబరు మార్చుకోవచ్చు, ఆఫీసర్ ఆమోదం అక్కర్లేదు, ఈ పని అక్క సెలవుకి ముందు పావుగంటలో అయిపోయేది, ఎవరికీ తట్టలేదు అంతే. బ్యాంకు మాత్రం ఇద్దరు పార్ట్‌నర్ల సంతకాలతో లెటర్ కావాలంది, చిన్న సార్ కూతురి దగ్గరికి డాలస్ వెళ్ళి ఉన్నారు, ఆ లెటర్ కొరియర్‌లో వెళ్ళింది.

20వ తారీకు వచ్చింది. జీఎస్టీఆర్-3బి. ఈ నెలవారీ టాక్స్ రిటర్న్‌ని కంపెనీలైతే డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి ఫైల్ చేస్తారు, మా లాంటి పార్ట్‌నర్‌షిప్‌లకి ఓటీపీతో ఈవీసీ పద్ధతి ఉంది. టాక్స్‌లో మేము కొన్న సరుకు మీద ముందే కట్టిన టాక్స్ క్రెడిట్ పోగా నగదుగా కట్టాల్సింది 3,20,000, సార్ కట్టనిచ్చేది ఆఖరి రోజునే, అది కూడా ఒక పాలసీ. మధ్యాహ్నం చలాన్ క్రియేట్ చేసి, సార్ తిరుమల దారిలో ఉండగానే ఫోన్‌లో ఆన్‌లైన్‌గా కట్టేశారు, ఇక ఫైల్ చెయ్యడమే మిగిలింది. సాయంత్రం ఆరింటికి "ఓటీపీ పంపాము" అని వచ్చింది. సార్ ఫోన్‌కే పంపారు. సార్ ఫోన్ తిరుమలలో సెల్‌ఫోన్ డిపాజిట్ కౌంటర్‌లో ఉంది. గుడిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కదా, ఏడుకొండలవాడి దగ్గర ఓటీపీ చెల్లదు. అదే ఓటీపీ మెయిల్‌కి కూడా వస్తుంది నిజమే, కానీ ఆ జీమెయిల్ 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఎవరో నెట్ సెంటర్ కుర్రాడు తెరిచింది, ఆ పాస్‌వర్డ్ ఏ సీల్డ్ కవర్‌లోనూ లేదు.

సార్ దర్శనం అయ్యి, లడ్డూలు తీసుకుని, ఫోన్ చేతికొచ్చేసరికి అర్ధరాత్రి దాటి పది నిమిషాలు. 21వ తారీకు. నేను చెమటలు పట్టి కూర్చున్నాను, ఒక్క రోజుకి 4,200 అనుభవం ఉన్నవాణ్ని కదా, దీనికి ఇల్లు తాకట్టు పెట్టాలేమో అనుకున్నాను. తీరా లెక్కేస్తే లేట్ ఫీజు రోజుకి 50 రూపాయలు. వడ్డీ ఏడాదికి 18 శాతం అయినా ఇక్కడ రోజుల లెక్క. కట్టాల్సింది జీఎస్టీ పోర్టల్‌లో మా నగదు లెడ్జర్‌లో ముందే పడిన డబ్బు కాబట్టి అసలు వెయ్యాలా వద్దా అని ఆడిటర్ ఆఫీసులో తర్జనభర్జన పడ్డారు, వేసినా 158 రూపాయలే. మొత్తం 208.

అంటే నేను భయపడాల్సింది 7కి, వణికింది 20కి. ఇక 11ది ఇంకో రకం, ఆ రోజుకి జీఎస్టీఆర్-1, అంటే మన అమ్మకాల బిల్లుల లిస్టు, పడకపోతే మన బిల్లు 14న కొనేవాడి 2బిలో, అంటే వాడికి వచ్చే క్రెడిట్ లిస్టులో, కనబడదు, వాడి క్రెడిట్ ఆగుతుంది, వాడు మన పేమెంట్ ఆపుతాడు, ఆ నష్టం ఏ చట్టంలోనూ రాసుండదు. జులై లెక్కలో అది దేవుడి దయవల్ల అక్కే ముందుగా సిద్ధం చేసి వెళ్ళింది. నేనైతే ఇప్పుడు ఆ డెడ్‌లైన్ల పక్కన మూడు గళ్ళు గీశాను: ఒక్కరోజు లేటైతే ఎంత, అప్రూవ్ చేసేది ఎవరు, ఓటీపీ ఎవరి ఫోన్‌కి. మూడో గడి నింపేటప్పుడే ఆ మనిషి ఆ తారీకున ఎక్కడుంటాడో అడిగి పెట్టుకోవాలని 20 నేర్పింది.

వింత ఏంటంటే 4,200కి నోరెత్తని సార్, తర్వాతి నెల రిటర్న్‌లో లేట్ ఫీజు 25, 25 అని రెండు గళ్ళలో విడిగా కనబడేసరికి అరగంట క్లాసు పీకారు. వడ్డీ టాక్స్‌తో కలిసిపోయి కట్టేస్తాం కదా, పరువుకి తగలదు. లేట్ ఫీజు అని పేరుతో కనబడితేనే తగులుతుంది.

సెప్టెంబర్ 7కి నేను రెడీగా ఉన్నాను, అంటే ఆరో తారీకునే కూర్చున్నాను. డాలస్ లెటర్ ఇంకా రాలేదు, అందుకని ఓటీపీ ఇంకా అక్క ఫోన్‌కే. ఫోన్ చేశాను, మళ్ళీ వాళ్ళమ్మగారే ఎత్తారు, వెనక పాటలు, పిల్లల గోల, ఆ రోజు పాపని ఉయ్యాల్లో వేస్తున్నారట. నేను ఏమీ అడగకముందే ఆవిడ అక్కని పిలిచారు. అక్క ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఆరు అంకెలు చదివింది, నాలుగోది మూడో ఎనిమిదో నాకు వినబడలేదు, మళ్ళీ చదవమన్నాను. రెండోసారి చదువుతుంటే పక్కన ఎవరో పెద్దావిడ అడగడం వినబడింది, "పాప పుట్టిన టైమా అమ్మా, జాతకం రాయించడానికేనా?" అని.