1,350కి స్టాప్ పెడితే 1,350కే అమ్ముడవుతుందా?

"స్టాప్ లాస్ పెట్టుకున్నవాడికి రాత్రి టెన్షన్ ఉండదు. రేటు అక్కడికి రాగానే షేరు అదే రేటుకి అమ్ముడైపోతుంది. పెట్టుబడిలో 1 శాతాన్ని స్టాప్ దూరంతో భాగించి, ఎన్ని షేర్లు వస్తే అన్ని కొనేయండి. రిజల్ట్స్ ముందు రోజైనా సరే, నష్టం 1 శాతం దాటదు."
(ట్రేడింగ్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

ముందు రాత్రి సంగతి. ఎక్స్ఛేంజీలో మామూలు స్టాప్ ఆర్డర్‌కి ఆయుష్షు ఆ ఒక్క రోజే. మధ్యాహ్నం 3.30కి మార్కెట్ మూస్తే అదీ రద్దయిపోతుంది. రోజుల తరబడి ఉండే GTT అయితే బ్రోకర్ దగ్గర ఉంటుంది. మర్నాడు 9.15 తర్వాత రేటు ట్రిగ్గర్‌ని తాకితేనే, లేదా దాటి కిందికి పోతేనే, అది ఎక్స్ఛేంజీకి ఆర్డర్ పంపుతుంది. ఈలోగా 9 గంటలకి మొదలయ్యే ప్రీ ఓపెన్‌లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి ఓపెనింగ్ రేటు తేల్చేసి ఉంటారు. అందులో మీ స్టాప్‌కి చోటు లేదు.

ఇక "అదే రేటుకి" అన్న మాట. ట్రిగ్గర్ అంటే ఆర్డర్‌ని నిద్రలేపే రేటు మాత్రమే, అమ్మకపు రేటు కాదు. 2023 ఏప్రిల్ 13, గురువారం ఇన్ఫోసిస్ దాదాపు 1,389 దగ్గర ముగిసింది. మార్కెట్ మూశాక రిజల్ట్స్ వచ్చాయి, అవి నిరాశపరిచాయి. 14న అంబేడ్కర్ జయంతి సెలవు, తర్వాత శని, ఆదివారాలు. అమ్మాలనుకున్నవాళ్లంతా మూడు రోజులు ఆగి, 17వ తేదీ సోమవారం ఒక్కసారిగా వచ్చారు. షేరు మొదట్లోనే దాదాపు 10 శాతం కింద, 1,250 చుట్టుపక్కల ఆడింది. ఆ రోజు ఇంకా కిందికి జారి, చివరికి 9 శాతం పైగా నష్టంతో ముగిసింది.

1,350 దగ్గర స్టాప్ అనుకున్నవాడి పరిస్థితి చూడండి. 1,389కీ 1,250కీ మధ్య ఒక్క ట్రేడూ జరగలేదు, దీన్నే గ్యాప్ అంటారు. కాబట్టి 1,350కి కొనేవాడే లేడు. అతని GTT పంపేది మార్కెట్ ఆర్డర్ అయితే ట్రిగ్గర్ వెంటనే పనిచేసి, దొరికిన రేటుకి, అంటే 1,250 దరిదాపుల్లో అమ్ముడవుతుంది. 1,345 కంటే తక్కువకి అమ్మొద్దని లిమిట్ పెట్టిన ఆర్డర్ అయితే ఇంకా ఇబ్బంది. ట్రిగ్గర్ అయిన ఆర్డర్ 1,345కి కొనేవాడి కోసం రోజంతా కాచుకుని కూర్చుంటుంది, షేర్లు చేతిలోనే ఉండిపోతాయి. ఆర్డర్ బుక్‌లో స్టేటస్ ఇంకా పెండింగ్ అనే చూపిస్తుంటే సంగతి ఇదే. చాలామంది యాప్‌లో "ట్రిగ్గర్డ్" అన్న నోటిఫికేషన్ చూసి బయటపడ్డామనుకుంటారు. ట్రిగ్గర్ కాదు, ఎగ్జిక్యూట్ అయిందా లేదా అన్నది చూడాలి.

సర్క్యూట్ ఉందిగా, అంతకంటే పడదుగా అనేవాళ్లూ ఉన్నారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్న షేర్లకి, ఒక్క రోజులో ఇంతకంటే పడకూడదనే స్థిరమైన సర్క్యూటే లేదు. మిగతావాటిలో 5 శాతం హద్దు ఉన్న షేరుకి లోయర్ సర్క్యూట్ పడితే, ఆ రోజు కొనేవాడు ఉండడు. మర్నాడు మరో 5 శాతం. ఇది నన్నడిగితే గ్యాప్ కంటే దారుణం.

అసలు ప్రమాదం మెసేజ్‌లోని లెక్కలో ఉంది. పెట్టుబడి 5 లక్షలు అనుకుందాం. 1 శాతం అంటే 5,000. 1,389కి కొని 1,350కి స్టాప్ పెడితే స్టాప్ దూరం 39 రూపాయలు. భాగిస్తే 128 షేర్లు. సోమవారం 1,250కి బయటపడితే షేరుకి 139 చొప్పున 17,792 నష్టం, అంటే మూడున్నర శాతం. స్టాప్ ఎంత దగ్గరగా పెడితే ఈ లెక్క అన్ని ఎక్కువ షేర్లు కొనిపిస్తుంది. "క్రమశిక్షణ" పేరుతో స్టాప్‌ని 15 రూపాయలకి బిగిస్తే 333 షేర్లు వస్తాయి, అదే గ్యాప్‌లో 46 వేలు పోతాయి.

రాత్రి ఉంచుకునే పొజిషన్‌కి రెండో లెక్క కూడా వేయాలి. ఆ షేరు గత మూడు, నాలుగేళ్ల రిజల్ట్స్ మర్నాళ్ల ఓపెనింగ్‌లు చార్ట్‌లో చూసి, అన్నిటికంటే పెద్ద గ్యాప్ తీసుకుని, దానికి కొంత కలపండి. ఇక్కడ 12 శాతం, అంటే షేరుకి 167 రూపాయలు అనుకుందాం. ఒక్క రాత్రిలో పోయినా భరించగలిగేది 2 శాతం, అంటే 10,000 అనుకుంటే:

```
స్టాప్ లెక్క:   5,000 / 39   = 128
గ్యాప్ లెక్క:  10,000 / 167  = 59
```

రెండిట్లో చిన్నదే మీ సైజు, 59 షేర్లు. అదే సోమవారం నష్టం 8,201 దగ్గర ఆగేది. స్టాప్ మామూలుగా పనిచేసిన రోజు 2,301 మాత్రమే పోతుంది. లాభమూ సగానికి తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. అలాగని 12 శాతం హద్దేమీ కాదు, రేపటి గ్యాప్ అంతకు మించవచ్చు.

ఫ్యూచర్స్‌లో ఈ వెసులుబాటు లేదు. అక్కడ లాట్ల లెక్కనే కొనాలి. లాట్ 400 షేర్లయితే 59 కొనడం కుదరదు, అదే గ్యాప్‌కి 55,600 పోతుంది. అప్పుడు రిజల్ట్స్ ముందు బయటికి రావడమో, ముందే అనుకున్న రేటుకి అమ్మే హక్కునిచ్చే పుట్ ఆప్షన్ కొనడమో చేయాలి. దాని గడువు ముగిసే ఎక్స్‌పైరీ దాకా అమ్మకపు రేటుకి నిజమైన హామీ ఇచ్చేది పుట్ ఒక్కటే, కానీ రిజల్ట్స్ ముందు దాని ప్రీమియం బాగా పెరిగి ఉంటుంది.

ఇంకొకటి. ఆ సోమవారం ఇన్ఫోసిస్‌తోపాటు మిగతా పెద్ద ఐటీ షేర్లూ పడ్డాయి. మూడు ఐటీ షేర్లు ఉంచుకుంటే ఒక్కోదానికి 10,000 కాదు, మూడిటికీ కలిపి 10,000 కేటాయించాలి.