పంట మార్పిడి అంటే నడుమ రెండు సాళ్ల కంది కాదు

"యూరియా, డీఏపీ ఉండగా పంట మార్పిడితో పనేంది? భూమికి కావలసిన బలమంతా బస్తాలోనే ఉంది. ఏటా పత్తే వేసుకోండి. నడుమ రెండు సాళ్లు కంది పెడితే అదే మార్పిడి. పప్పు పంట పడితే చాలు, భూమి దానంతటదే బాగుపడుతుంది."

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ మెసేజ్ మీ అందరి ఫోన్లకూ వచ్చింది. రైతు వేదికలో కూర్చున్నాం కాబట్టి ఒక్కో మాట తీసి చూద్దాం.

ముందు బస్తా సంగతి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు ఉంటుంది. డీఏపీలో భాస్వరం, కొంత నత్రజని. పంటకు అవి కావాలి, మానేయమని నేను చెప్పను. కానీ మన దేవరకొండ, అచ్చంపేట వైపు ఎర్ర చెలకల్లో తేమను పట్టి ఉంచేది కుళ్లిన ఆకు, వేరు. అది బస్తాలో రాదు. పత్తి చేలో సాలుకూ సాలుకూ నడుమ నేల చాలా రోజులు బోసిగా ఉంటుంది. చివరికి కట్టె పీకి కాల్చేస్తాం. ఇక భూమికి మిగిలేదేంది? ఏళ్ల తరబడి పత్తే వేసిన చెలకలో పెద్ద వాన పడి ఎండ కాస్తే పైన పెంకు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని పైకి రాలేదు. మీ చెలకలో అలా అవుతుంటే అది ఎరువు లోటు ఒక్కటే కాదు, నేలలో జీవం తగ్గింది.

రెండు సాళ్ల కంది అంతర పంట. అది మంచిదే, వానలు తప్పినప్పుడు చేతికి ఏదో ఒకటి వస్తుంది. కానీ మార్పిడి అంటే ఒక చెలకలో ఈ ఏడు ఉన్న పంట వచ్చే ఏడు ఉండకూడదు. అదే చెలకలో ఏటా కంది పెడితే ఎండు తెగులు శిలీంధ్రం నేలలోనే కాపురం పెడుతుంది. పూత, కాయ దశలో నీళ్లున్నా చెట్టు వాడిపోతుంది. కాండం మొదట్లో ఊదా రంగు చార కనిపిస్తుంది. నిలువునా చీలిస్తే లోపల నల్లటి గీతలుంటాయి. నడుమ ఒక ఏడు జొన్న వేస్తే ఈ తెగులు తగ్గుతుంది.

ఇక మెసేజ్‌లో చివరి మాట, పప్పు పంట పడితే చాలన్నది. దీనిలో సగం నిజముంది, అందుకే నమ్ముతాం. కంది, పెసర, వేరుశనగ వేర్లకు బుడిపెలుంటాయి. వాటిలోని రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పంటకు అందిస్తాయి. అవి పని చేస్తున్నాయో లేదో మనమే చూసుకోవచ్చు. విత్తిన 40, 45 రోజులకు పారతో మట్టితో సహా నాలుగు మొక్కలు తవ్వి, బుడిపెను గోటితో కోయండి. లోపల గులాబీ ఎరుపుంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే పని లేనట్టు. యూరియా ఎక్కువ వేస్తే బుడిపెలు సరిగా కట్టవు, తేరగా దొరికినప్పుడు మొక్క కష్టపడదు. ఎకరం కందికి విత్తేటప్పుడు ఒక్క డీఏపీ బస్తా చాలు. ఆ చెలకలో ఎప్పుడూ పప్పు పంట వేయకపోతే విత్తనానికి రైజోబియం పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి.

అయితే తయారైన నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకే పోతుంది. గింజ మనం అమ్ముకుంటాం. భూమికి దక్కేది రాలిన ఆకు, లోపలి వేరు. కంది ఆకు బాగా రాలుస్తుంది కాబట్టి కట్టె పొయ్యికి తెచ్చుకున్నా నష్టం తక్కువ. వేరుశనగను మాత్రం వేరుతో సహా పీకి, ఆ కట్టెనూ పశువులకు వేస్తాం. అప్పుడు పెంట తిరిగి ఆ చెలకకే తోలాలి. లేకపోతే పప్పు పంట వేసి కూడా భూమిని ఖాళీ చేసినట్టే.

మూడు ఎకరాలున్న రైతును తీసుకుందాం. పై ఎకరంలో పత్తి, నడిమి ఎకరంలో జొన్న, కింది ఎకరంలో కంది. మరుసటి ఏడు పత్తి ఉన్నచోట జొన్న, జొన్న ఉన్నచోట కంది, కంది ఉన్నచోట పత్తి. వరస ఇదే ఎందుకంటే, జొన్న మొదళ్లు కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని కొంతకాలం పట్టేసుకుంటాయి. అప్పుడు పత్తి పెడితే మొదట్లో ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. కంది తన నత్రజని తానే చూసుకుంటుంది. కంది విడిచిన ఆకు మరుసటి ఏడు పత్తికి అందుతుంది. ఏ ఏడు చూసినా ఒక ఎకరం పత్తి ఉండనే ఉంటుంది, పశువులకు చొప్ప ఉంటుంది, ఇంట్లో పప్పు ఉంటుంది. పెంకు కట్టడం మాత్రం ఒక్క ఏడులో పోదు. ఈ వరస రెండు మూడు సార్లు తిరగాలి.

పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగుకు ఈ మార్పిడి ఒక్కటే చాలదు. దాని రెక్కల పురుగు పక్క చెలక నుంచి ఎగిరి వస్తుంది. పత్తిని మార్చి నెల దాకా సాగదీయకుండా, ఊరంతా ఒకేసారి చేలు ఖాళీ చేసి, ఎండిన కాయలున్న కట్టెను గట్ల మీద కుప్పలు వేయకుండా ఉంటేనే ఆ పురుగు తగ్గుతుంది. కట్టెను కాల్చకుండా యంత్రంతో ముక్కలు చేసి దున్నిస్తే అదీ చెలకకే దక్కుతుంది.