"సీల్ తీశారు కదా, ఇక వాపసు లేదు" అంటే నోరు మూసుకుని వచ్చేయకండి

ఎలక్ట్రానిక్స్ కొనేటప్పుడు మనవాళ్ళు పది చోట్ల ధర చూస్తారు, కార్డు మీద తగ్గింపు ఎంతో లెక్కేస్తారు, పాత ఫోన్ ఇస్తే ఎంత తగ్గుతుందో అడుగుతారు. ధర కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాపసు లైను మాత్రం ఎవరూ నొక్కి చూడరు. మన కోనసీమలో, లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళకి అసలు దెబ్బ అక్కడే తగులుతోంది, అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

రాజోలు దగ్గర ఉండే మా పిన్ని, కూతురికి ఇంజినీరింగ్ సీటు వచ్చిందని ఆన్‌లైన్‌లో 42,000 పెట్టి లాప్‌టాప్ తెప్పించింది. వచ్చింది ఆషాఢం చివర్లో. కొత్త వస్తువు కదా, శ్రావణ శుక్రవారం పూజ అయ్యాక తీద్దామని బీరువాలో పెట్టారు. తీరా తెరిస్తే స్క్రీన్ మీద నిలువుగా ఒక గీత. ఆర్డర్ పేజీలో ఉన్నది "7 రోజుల సర్వీస్ సెంటర్ రీప్లేస్‌మెంట్". అప్పటికి తొమ్మిదో రోజు. పిన్ని "మేం తీసింది ఇవాళే కదండీ" అని ఎంత చెప్పినా, గడువు డెలివరీ అయిన రోజు నుంచే అన్నారు. చివరికి రాజమండ్రి తీసుకెళ్తే వారంటీ కింద స్క్రీన్ ఉచితంగా మార్చారు. మంచిదే, కానీ కొత్త వస్తువుకి డబ్బు కట్టి, విప్పి బాగుచేసిన వస్తువు ఇంటికి తెచ్చుకున్నట్టయింది.

ఆ లైనుకి అర్థం ఏంటంటే, నచ్చలేదని ఇస్తే డబ్బు వెనక్కి రాదు. పాడై వస్తే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చూపించాలి, వాళ్ళు పరీక్షించి "వచ్చేటప్పటికే లోపం ఉంది" అని కాగితం ఇవ్వాలి, దాన్ని డీఓఏ సర్టిఫికెట్ అంటారు, అది అమ్మినవాళ్ళకి పంపితే అప్పుడు కొత్తది ఇస్తారు. ఇదంతా గడువులోపే మొదలవ్వాలి. ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉన్నవాడికి ఏడు రోజులు ఎక్కువే. రాజమండ్రికో కాకినాడకో బస్సెక్కాల్సిన మనకి అందులో రెండు మూడు రోజులు తిరుగుడికే పోతాయి. ముహూర్తం చూసుకోండి, వద్దనను, కానీ ఆర్డరే ఆ ముహూర్తానికి దగ్గరగా పెట్టండి. టీవీ, ఫ్రిజ్ లాంటివైతే మెకానిక్ వచ్చేదాకా పెట్టె విప్పొద్దని రాసి ఉంటుంది, కాబట్టి డెలివరీ అయిన రోజే ఇన్‌స్టలేషన్ బుక్ చేసి ఆ రిక్వెస్ట్ నంబరు దాచుకోండి.

ఇక సీల్ సంగతి. సీల్ తీస్తే తీసుకోం, లేదా 15 శాతం రీస్టాకింగ్ ఛార్జీ కోస్తాం అనే షరతు కంప్యూటర్ విడిభాగాలు, మానిటర్లు అమ్మేచోట కనిపిస్తుంది. 18,000 మానిటర్ సైజు నచ్చలేదని వెనక్కిస్తే 2,700 పోయినట్టే, రవాణా ఖర్చు వేరే. మనసు మారి ఇస్తే ఆ షరతు ముందే చెప్పినప్పుడు వాళ్ళని తప్పుపట్టలేం, తెరిచిన పెట్టెని కొత్తదిగా అమ్మలేరు కదా. కానీ వస్తువు పాడైనదైతే అదే మాట చెప్పడం అన్యాయం. సీల్ తీయకుండా స్క్రీన్ మీద గీత ఉందని ఎవడికి తెలుస్తుంది? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న వస్తువుని, చూపించినదానికి తేడాగా వచ్చినదాన్ని అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోం అనడానికి వీల్లేదు. షాపుల్లో కొన్నా 2019 వినియోగదారుల చట్టం ఉంది: లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ముద్ర కొట్టినంత మాత్రాన ఇది మారిపోదు. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఓపెన్ బాక్స్ డెలివరీ అన్నది మాత్రం జాగ్రత్త. డెలివరీ అబ్బాయి మీ ముందే పెట్టె తెరుస్తాడు, మీరు చూసి ఓటీపీ చెప్తారు. చెప్పాక "పగిలి వచ్చింది, ఛార్జర్ లేదు" అంటే వినరు, ఎందుకంటే మీరు చూసి ఒప్పుకున్నట్టే లెక్క. పగలు కరెంటు వెలుతురులో కాకుండా వీధి గుమ్మంలో ఎండలో చూడండి, మూలలు, ఛార్జర్, పెట్టె మీద సీరియల్ నంబరూ వస్తువు మీద నంబరూ ఒకటేనా అన్నది చూడండి. ఆ అబ్బాయి తొందరపెడితే పెట్టనివ్వండి, ఓటీపీ మీ చేతిలోనే ఉంది. లోపలి లోపాలు ఆ కాసేపట్లో ఎలాగూ తేలవు, వాటికి మళ్ళీ ఆ రీప్లేస్‌మెంట్ గడువే దిక్కు.

డబ్బు కట్టేముందు ఆ వాపసు లైను నొక్కి, వచ్చిన పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత అది మారిపోవచ్చు. షాపులో అయితే "పాడైతే ఎన్ని రోజుల్లో మారుస్తారు, సీల్ తీస్తే ఎంత కోస్తారు" అని అడిగి, నోటితో చెప్పిందే బిల్లు వెనక రాయించి స్టాంపు వేయించుకోండి. రాయను అన్నవాడి దగ్గర నేనైతే కొనను, పక్క షాపుకి వెళ్తాను.