కోత పడింది సరే, జమ ఎక్కడ?

జీతంలో పీఎఫ్ కోత పడిందంటే ఆ డబ్బు ఖాతాలో చేరినట్టేనని చాలామంది ఉద్యోగులు నమ్ముతారు. పే స్లిప్‌లో కనిపించేది కోత మాత్రమే. జమ అయిందో లేదో చెప్పేది పాస్‌బుక్. ఈ రెండింటినీ నెలవారీగా పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. ఇల్లు కట్టుకోవడానికో, పెళ్లికో అడ్వాన్సు పెట్టుకున్నప్పుడు గానీ మధ్యలో జమ కాని నెలలు బయటపడవు. అప్పటికి కాంట్రాక్టర్ మారిపోయి ఉంటాడు, లేదంటే కంపెనీయే మూతపడి ఉంటుంది.

పాస్‌బుక్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకునే అలవాటు ఇప్పుడు పెరిగింది. మంచిదే. కానీ చాలామంది కింద కనిపించే మొత్తం నిల్వను మాత్రమే ఫోటో తీసుకుంటారు. నిల్వ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక నెల జారిపోయిన సంగతి అందులో తెలియదు. స్క్రీన్‌షాట్‌లో మెంబర్ ఐడీ, సంస్థ పేరు, ఆర్థిక సంవత్సరం, ఆ ఏడాది వరుసలన్నీ కనిపించాలి. మెంబర్ ఐడీ మరీ ముఖ్యం. ఉద్యోగికి శాశ్వతంగా ఉండే పీఎఫ్ నంబరు యూఏఎన్ ఒక్కటే అయినా సంస్థ మారినప్పుడల్లా కొత్త మెంబర్ ఐడీ వస్తుంది, దానికి వేరే పాస్‌బుక్ ఉంటుంది. చేసే పని అదే అయినా కాంట్రాక్టర్ మారితే జమ కొత్త ఐడీలో పడుతుంది. పాత పాస్‌బుక్ ఒక్కటే చూసి డబ్బు పోయిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. అందుకే ముందు అన్ని ఐడీలనూ తెరిచి చూడాలి.

వరుసలు చదివేటప్పుడు తడబాటు వచ్చే చోటు ఇంకొకటుంది. జూన్ జీతం తాలూకు పీఎఫ్‌ను యజమాని జూలై 15లోగా కట్టాలి. అందుకే 2024 జూన్ జీతానికి పాస్‌బుక్‌లో Cont. For Due-Month 072024 అని వస్తుంది. దాన్ని జూలై జీతంగా లెక్కేస్తే ప్రతి నెలా ఒక అడుగు పక్కకు జరిగి, లేని లోటు కనిపిస్తుంది, ఉన్న లోటు కనపడకుండా పోతుంది. జీతం నెల ఏదన్నది చూసి పే స్లిప్‌తో పోల్చుకోవాలి. యజమాని కట్టాక కూడా పాస్‌బుక్‌లోకి ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి 16వ తేదీ ఉదయమే ఫిర్యాదుకు దిగడం తొందరపాటు. నెలాఖరుకు కూడా రాకపోతే అడగాల్సిందే.

యజమాని వాటా మన వాటా కంటే తక్కువగా ఉండటం చూసి మోసమని అనుకోవడం మామూలే. మామూలుగా ఉద్యోగి 12 శాతం కడితే యజమాని కూడా 12 శాతం కడతాడు. కానీ యజమాని కట్టే దాంట్లో 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్లి వేరే గడిలో కనిపిస్తుంది. మిగిలినదే యజమాని వాటా గడిలో ఉంటుంది. పెన్షన్ లెక్కకు జీతం పరిమితి 15,000 రూపాయలు కాబట్టి ఆ భాగం సాధారణంగా నెలకు 1,250 దాటదు. పెన్షన్ పథకంలో లేనివారికి ఆ గడిలో సున్నా ఉంటుంది, యజమాని 12 శాతమూ పీఎఫ్‌లోకే వస్తుంది. ముందుగా చూడాల్సింది ఇది: యజమాని వాటా, పెన్షన్ కలిపితే మన వాటాతో సమానం కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. కాంట్రాక్టర్ కింద పనిచేసే ఒక కార్మికుడికి బేసిక్, డీఏ కలిపి 14,000 రూపాయలు. పే స్లిప్‌లో ప్రతి నెలా 1,680 కోత ఉంటుంది. సక్రమంగా కట్టిన నెలలో అతని పాస్‌బుక్‌లో అతని వాటా 1,680, యజమాని వాటా 514, పెన్షన్ 1,166 కనిపిస్తాయి. చివరి రెండూ కలిపితే మళ్లీ 1,680. ఇప్పుడు మే జీతానికి వరుస ఉంది, జూలైకి ఉంది, జూన్‌కు అసలు వరుసే లేదు. అంటే 3,360 రూపాయలు చేరలేదు. అందులో సగం అతని జేబులోంచి ఇప్పటికే కోసుకున్నది.

సెప్టెంబరు వరుస మాత్రం ఉంది. కానీ అందులో అతని వాటా 1,080, యజమాని వాటా 330, పెన్షన్ 750. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే 330, 750 కలిపితే 1,080 అవుతుంది. తప్పు పీఎఫ్ జీతం గడిలో ఉంది. అక్కడ 14,000 బదులు 9,000 చూపించారు. ఆ నెల జీతం లేని సెలవులు పెట్టి ఉంటే జీతం, కోత రెండూ తగ్గుతాయి కాబట్టి తేడా రాదు. కానీ అతని పే స్లిప్‌లో 1,680 కోత అలాగే ఉంది. అంటే కోసిన దాంట్లో 600 కట్టలేదు, యజమాని వైపు నుంచి మరో 600 రాలేదు. ఖాళీ వరుస ఎవరికైనా కంటపడుతుంది. ఇలా కుదించిన వరుస పే స్లిప్ పక్కన పెడితే తప్ప దొరకదు. మా దృష్టిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

జూన్ వరుస ఎందుకు లేదో కార్మికుడే కొంతవరకు తెలుసుకోవచ్చు. ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో Establishment Search అనే పేజీ ఉంది. సంస్థ పేరో, కోడో కొడితే ఏ నెలకు ఎంత కట్టింది, ఏ తేదీన కట్టింది, ఎందరు ఉద్యోగులకు కట్టింది అనే వివరాలు వస్తాయి. జూన్‌కు చెల్లింపే కనబడకపోతే ఆ కాంట్రాక్టర్ అందరికీ ఎగ్గొట్టినట్టు లెక్క. చెల్లింపు కనబడి, ఉద్యోగుల సంఖ్య మాత్రం మే కంటే తగ్గితే కొందరి పేర్లు జాబితాలోంచి జారిపోయి ఉండొచ్చు. మొదటిది బకాయి, రెండోది యజమాని నెలనెలా ఈపీఎఫ్ఓకు పంపే జాబితాను, అంటే రిటర్నును సరిదిద్దాల్సిన తప్పు. ఏది అయిందో తెలిసి అడిగితే హెచ్ఆర్ చెప్పే జవాబు కూడా మారుతుంది.

అడగడం కూడా నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఉండాలి. జవాబు రాకపోతే ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్ EPFiGMS లో ఫిర్యాదు పెట్టాలి. పే స్లిప్‌లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ ఏడాది పాస్‌బుక్ జత చేయాలి. ప్రతి నెలా 27న జిల్లాల్లో ఈపీఎఫ్ఓ జరిపే నిధి ఆప్కే నికట్ శిబిరానికి ఇవే కాగితాలతో వెళ్లొచ్చు. ఒక మాట గట్టిగా చెప్పాలి. మరచిపోయిన నెల వాటాను తర్వాతి జీతంలోంచి మళ్లీ కోస్తామని యజమాని అంటే ఒప్పుకోవద్దు. ఒకసారి కోసిన డబ్బును ఆయన కట్టాల్సిందే. తన వాటాను ఉద్యోగి జీతంలోంచి రాబట్టుకోవడం కూడా పీఎఫ్ స్కీమ్ నిబంధనలకు విరుద్ధం.

ఇదంతా ఉద్యోగే ఎందుకు వెతుక్కోవాలన్నది మా ప్రశ్న. పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పెన్షన్ హక్కు వస్తుంది. అలాంటప్పుడు పెన్షన్ గడిలో జారిన నెలలను చివర్లో నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే పడుతోంది. జమ అయినప్పుడు మెసేజ్ పంపే వ్యవస్థ, జమ కానప్పుడు మౌనంగా ఉంటోంది. మే రిటర్నులో ఉన్న యూఏఎన్ జూన్ రిటర్నులో లేదు, ఆ ఉద్యోగికి మానేసిన తేదీ కూడా నమోదు కాలేదు. ఈ రెండు సంగతులూ ఈపీఎఫ్ఓ కంప్యూటర్లలోనే ఉన్నాయి. వాటిని పోల్చి, గడువు దాటిన నెలాఖరుకల్లా ఆ ఉద్యోగి ఫోన్‌కు తెలుగులో ఒక మెసేజ్ పంపాలి. పాస్‌బుక్‌లోనూ రాని నెలను మాయం చేయకుండా, ఆ నెల పేరుతో ఖాళీ వరుస చూపించాలి. పీఎఫ్ జీతం ముందు నెల కంటే ఒక్కసారిగా తగ్గితే, కారణం చెప్పనిదే రిటర్నును తీసుకోకూడదు. ఈ మూడు మార్పులనూ వచ్చే ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోగా అమల్లోకి తేవాలని ఈపీఎఫ్ఓను, కేంద్ర కార్మిక శాఖను కోరుతున్నాం.