కరెంటు బిల్లు వెనక నాలుగు లైన్లు

కావలిలో మా ఇంటికి ఆ నెల కరెంటు బిల్లు ఐదు వేల దగ్గరకొచ్చింది. ఎప్పుడూ నాలుగైదు వందలు దాటదు. మీటరు చూస్తే 4312, బిల్లు మీద 4812. తప్పు వాళ్లది, రుజువు నా చేతిలో. అయినా ఆ ఆఫీసుకు ఫోన్ చేయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

"ఫోనే కదబ్బా, కరుస్తుందా?" అనేవాళ్లకో మాట. మాకు భయం ఫోనంటే కాదు. అవతల "ఎవరూ?" అని విసుగ్గా వినపడ్డాక తడబడే ఆ పది సెకన్లంటే. మొహం కనపడదు, కోపమో తొందరో తెలియదు. అందుకే ఇప్పుడు భోజనం టైము, ఇప్పుడు రద్దీ అని రేపటికి నెడతాం. నెట్టగానే హాయిగా ఉంటుంది. అసలు చిక్కు అక్కడే. ఆ హాయి రుచి మరిగి, మర్నాడు భయం ఇంకొంచెం పెరుగుతుంది. మా అమ్మ "ఇట్టియ్యి నాయనా, నేను చేస్తా" అన్నా అదే జరుగుతుంది.

అంతకుముందోసారి మాట్లాడాల్సిందంతా పేజీ నిండా రాసుకున్నాను. రెండో వాక్యంలోనే "ఏ ఏరియా?" అన్నాడు. ఎక్కడిదాకా చదివానో దొరక్క కట్ చేశాను. ఈసారి బిల్లు వెనక నాలుగే లైన్లు: మొదటి వాక్యం మాత్రం అక్షరం పొల్లు పోకుండా, "సార్, కావలి నుంచి, బిల్లులో రీడింగ్ తప్పు పడింది." తర్వాత సర్వీసు నంబరు, రెండు రీడింగులు. తర్వాత నాకేం కావాలి: బిల్లు సరిచేయాలి. ఆఖరిది, కాదంటే అడగాల్సింది: "ఎవరిని కలవాలి, ఏం తీసుకురావాలి?" పక్కన చిన్నగా "కసురుకుంటాడు" అని కూడా రాశాను, తర్వాత సరిచూసుకోవడానికి.

పదీ ముప్పావుకి చేశాను. నిజంగానే కసిరాడు: "నంబరు చెప్పు ముందు." చెప్పాను. తర్వాత ఇరవై సెకన్లు నిశ్శబ్దం. మామూలుగా అయితే "పర్లేదులెండి, మళ్లీ చేస్తా" అని పారిపోయేది అక్కడే. నోరు మూసుకుని ఉన్నాను. అవతల కీబోర్డు టకటకలాడుతోంది, నంబరు వెతుకుతున్నాడంతే. "ఇక్కడ కాదు, ఏఈ గారిని కలవాలి" అన్నాడు. నాలుగో లైను చదివాను. మీటరు ఫోటో, బిల్లు తెమ్మన్నాడు. మొత్తం రెండు నిమిషాల పది సెకన్లు. కసురుకుంటాడన్నది నిజమైంది, కానీ దాంతో నాకేమీ కాలేదు.

ఇప్పుడు వారానికి రెండు మూడు తేలికవి కావాలనే చేస్తున్నా. మందుల షాపుకి చేసి ఫలానా మాత్ర ఉందా అని అడగడం, అంతే. మరీ గుండె దడతో ఉద్యోగం, వైద్యం కాల్స్ కూడా మానేసేవాళ్లకి ఈ చీటీ చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం. దానికీ ఫోనే చేయాలి, అదో తమాషా! చేయలేకపోతే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి నేరుగా వెళ్లొచ్చు.

నిన్న గ్యాస్ ఏజెన్సీకి చేశాను. అరచేతులు తడిసిపోయాయి. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఫోన్ అడగలేదు.