గీత గీసిండు, మార్కెట్ పడలే

నల్గొండ గడియారం సెంటర్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని నడిచినా ఇప్పుడు మూడు రకాల బోర్డులు కనిపిస్తున్నాయి: బిర్యానీ, కోచింగ్, ట్రేడింగ్. మొదటి రెండింట్లో కట్టిన డబ్బుకు ఏదో ఒకటి చేతికొస్తుంది. నా బాధంతా మూడోదానితోనే. అందులోనూ ఒక్క సారుతో. ఆయన పేరు రాయను. రాస్తే మిగతా సార్లు తమను వదిలేశానని నొచ్చుకుంటారు.

సారుకు వచ్చిన విద్య ఒకటే. చార్టులో రెండు శిఖరాలు వెతుకుతాడు. ధరలో రెండో శిఖరం మొదటిదాని కంటే ఎత్తుగా ఉండాలి. కింద ఆర్‌ఎస్‌ఐ అనే ఇండికేటర్‌లో మాత్రం రెండో శిఖరం మొదటిదాని కంటే పొట్టిగా ఉండాలి. దొరికిందా, పైన ఒక ఎక్కుడు గీత, కింద ఒక దిగుడు గీత, పక్కన ఎర్ర బాణం. "బేరిష్ డైవర్జెన్స్ అచ్చింది తమ్మీ. ఇగ పడుడే." గ్రూపులో ఆ మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మలు వరుస కడతాయి. మార్కెట్‌కు ఆ గ్రూపులో సభ్యత్వం లేదు కాబట్టి తెల్లారి మళ్లీ పెరుగుతుంది.

పెరిగితే సారుకేమైనా టెన్షనా? గీత చివర పట్టుకుని కొత్త శిఖరం దాకా లాగుతాడు, అంతే. ఇప్పుడది "ఇంకా స్ట్రాంగ్ డైవర్జెన్స్". అది కూడా తప్పితే "ట్రిపుల్ డైవర్జెన్స్". లోకంలో ఎవడైనా జోస్యం మూడుసార్లు తప్పితే మొహం చాటేస్తాడు. ఇక్కడ మాత్రం తప్పిన ప్రతిసారీ జోస్యానికి ప్రమోషన్.

ఇంతకీ ఆ ఆర్‌ఎస్‌ఐ ఏం కొలుస్తుందో సారు ఎప్పుడూ చెప్పడు. చెప్తే క్లాసు ఒక్క పూటలో అయిపోతుంది. వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ మెకానికల్ ఇంజనీరు 1978లో దీన్ని లోకానికిచ్చాడు. 14 రోజుల్లో ధర పెరిగిన రోజుల పెరుగుదలంతా కూడి 14తో భాగిస్తే లాభాల సగటు. పడిన రోజుల తగ్గుదలంతా కూడి 14తో భాగిస్తే నష్టాల సగటు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది RS. దాన్ని 0 నుంచి 100 మధ్యకు తెచ్చే సూత్రం ఇది:

```
RSI = 100 - 100 / (1 + RS)
```

ఒక షేరు అనుకుందాం. జోరుగా పెరిగి 1,000 రూపాయల దగ్గర మొదటి శిఖరం పెట్టింది. అప్పటికి లాభాల సగటు 12, నష్టాల సగటు 3. RS 4, ఆర్‌ఎస్‌ఐ 80. ఆ తర్వాత 14 ట్రేడింగ్ రోజుల్లో కొంత దిగి, మళ్లీ ఎక్కి రెండో శిఖరం పెట్టింది. ఈ రోజుల్లో లాభాల సగటు 9, నష్టాల సగటు 3. RS 3, ఆర్‌ఎస్‌ఐ 75. చూశారా, 80 నుంచి 75కు దిగింది! సారు కళ్లు మెరిశాయి, ఎర్ర బాణం వచ్చేసింది. మరి ధర? రోజుకు సగటున 9 ఎక్కి 3 దిగితే మిగిలేది 6. పద్నాలుగు రోజులకు 84 రూపాయలు. షేరు 1,084. ఇంకో 14 రోజులు పోనిద్దాం. లాభాల సగటు 8కి తగ్గింది, నష్టాల సగటు 4కి పెరిగింది. ఆర్‌ఎస్‌ఐ 67 దాకా జారింది. సారుకు ఇది దసరా. కానీ ధర ఇంకో 56 ఎక్కి 1,140కి చేరింది.

డైవర్జెన్స్ చెప్పే నిజం అంతే. వేగం తగ్గింది అంటోంది. దిశ మారింది అనలేదు. లాభాల సగటు నష్టాల సగటు కంటే ఎక్కువగా ఉన్నంత కాలం, అంటే ఆర్‌ఎస్‌ఐ 50కి పైన ఉన్నంత కాలం, ఆ పద్నాలుగు రోజుల మొత్తం పద్దులో పైకి వెళ్లిందే ఎక్కువ.

ఇది సారుకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఆయన్ని ఆగస్టులో నాగార్జునసాగర్ తీసుకుపోవాలి. వానాకాలం, శ్రీశైలం గేట్లు ఎత్తారు, కృష్ణమ్మ ఉరికొస్తోంది. నిన్న ఇన్‌ఫ్లో నాలుగు లక్షల క్యూసెక్కులు, ఇవాళ మూడు లక్షలు. సారు డ్యామ్ మీద నిలబడి బోర్డు చదువుతాడు. నీటిమట్టం నిన్నటి కంటే పెరిగింది, ఇన్‌ఫ్లో నిన్నటి కంటే తగ్గింది. "డైవర్జెన్స్!" అని ఒక్క అరుపు. చేపల ఫ్రై బండ్ల దగ్గర జనం ఉలిక్కిపడతారు. ఇంజనీరు పరుగున వస్తాడు. "సార్, బయటికి పోయేది లక్షే. లోపలికి మూడు లక్షలు వస్తున్నయ్. మట్టం ఎట్ల తగ్గుతది?" సారు జాలిగా నవ్వుతాడు. "ఇండికేటర్ చూడు నాయనా. సాగర్ ఎండుడు మొదలైంది." శిష్యులు ఫోన్లు తీసి ఫొటోలు కొడతారు. ఒకడు డ్యామ్ గోడ మీదే చాక్‌పీసుతో ఎర్ర బాణం గీస్తాడు. మర్నాడు ఇన్‌ఫ్లో రెండున్నర లక్షలకు దిగుతుంది, మట్టం ఇంకో రెండడుగులు లేస్తుంది. "ట్రిపుల్ డైవర్జెన్స్" అని సారు జలాశయం అంచున కుర్చీ వేయించుకుంటాడు. 590 అడుగుల నిండు మట్టం దగ్గరికొచ్చి, 26 క్రస్ట్ గేట్లు ఒక్కోటీ లేస్తుంటే, కుర్చీ కాళ్లు తడుస్తున్నా ఆయన లేవడు. ఎండిన అడుగున నడవడానికి చెప్పులు చేతిలో పట్టుకుని ఉంటాడు.

పోనీ, బలమైన ట్రెండ్‌లో ఈ డైవర్జెన్స్ ఎప్పుడో ఒకసారి తగిలే అరుదైన వస్తువా అంటే అదీ కాదు. తగలకపోతే ఆశ్చర్యపడాలి. ధరకు పైకప్పు లేదు, ఆర్‌ఎస్‌ఐకి 100 దగ్గర ఉంది. ఆర్‌ఎస్‌ఐ 80 నుంచి 90కి ఎక్కాలంటే RS 4 నుంచి 9కి పోవాలి, రెట్టింపు కంటే ఎక్కువ. ట్రెండ్ మొదలయ్యే దూకుడులో, మధ్యలో ధర పడిన రోజులను చూపే ఎర్ర క్యాండిల్స్ దాదాపు లేనప్పుడు, ఆర్‌ఎస్‌ఐ తన గరిష్ఠాన్ని చూసేస్తుంది. తర్వాతి శిఖరాలు దాన్ని దాటడం కష్టం.

పైగా రెండు శిఖరాల మధ్య ఒక దిగుడు ఉంటుంది కదా, దాని మరక అంత తొందరగా పోదు. పైన చెప్పింది సాదా లెక్క, చార్టులో వాడేది వైల్డర్ సగటు. నిన్నటి సగటును 13తో గుణించి, ఇవాళ్టి మార్పు కలిపి, 14తో భాగిస్తారు. అంటే ఒక్క రోజు 42 రూపాయలు పడితే నష్టాల సగటుకు 3 రూపాయలు తోడవుతాయి. పది ట్రేడింగ్ రోజుల తర్వాత కూడా అందులో 1.43 మిగిలే ఉంటుంది. ఈలోపు షేరు మొదటిసారి ఎక్కినంత జోరుగానే మళ్లీ ఎక్కినా, పాత మరక ఆర్‌ఎస్‌ఐని కిందికి లాగుతూనే ఉంటుంది. సారు చూసిన బలహీనతలో ఒక భాగం పది రోజుల కిందటి సంగతి.

నిఫ్టీనే చూడండి. 2023 డిసెంబర్ మధ్యలో రోజువారీ ఆర్‌ఎస్‌ఐ ఆకాశంలో ఉంది. నెలాఖరుకు నిఫ్టీ ఇంకా పైకి పోయింది, ఆర్‌ఎస్‌ఐ మాత్రం పాత ఎత్తు అందుకోలేదు. పాఠ్యపుస్తకంలో అచ్చు వేయదగ్గ డైవర్జెన్స్. ఆ ఏడాది చివరి ముగింపు 21,731. న్యాయంగా చెప్పాలి, జనవరి 23న 21,239 దగ్గర ముగిసింది. దాన్ని చిన్న దిగుడుగా చూసి, దొరికింది తీసుకుని బయటపడ్డవాడు బాగుపడ్డాడు. "ఇదే టాప్" అని కూర్చున్నవాడి సంగతి? మార్చిలో మళ్లీ కొత్త శిఖరం, మళ్లీ పొట్టి ఆర్‌ఎస్‌ఐ. జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, ఒక్కరోజే 1,379 పాయింట్లు కూలింది. అంత కూలినా ముగింపు 21,884. డిసెంబర్ చివర, పడ్డాక తిరిగి కొందామని అమ్మినవాడు ఆ మహా పతనం రోజున కూడా ముగింపు లెక్కలో నష్టంలోనే ఉన్నాడు! సెప్టెంబర్ 27న నిఫ్టీ 26,277 తాకింది.

దీన్ని కనిపెట్టిన వైల్డర్‌కు మన సారుకున్నంత తొందర లేదు. ఆయన చెప్పిన ఫెయిల్యూర్ స్వింగ్‌లో ఆర్‌ఎస్‌ఐ 70 దాటాలి, దిగాలి, మళ్లీ ఎక్కి పాత శిఖరం అందుకోలేకపోవాలి, ఆ తర్వాత మధ్యలో ఏర్పడిన తన గుంట కంటే కిందికి పోవాలి. సారు మూడో మెట్టు దగ్గరే పడుతుందని షార్ట్ కొట్టేస్తాడు. నాలుగోది వచ్చేదాకా ఆగితే ఎంట్రీ మిస్ అవుతుందట. ధరలోనూ అంతే: రెండు శిఖరాల మధ్య ఉన్న గుంట తెగి ధర దాని కిందికి పోయేదాకా అప్‌ట్రెండ్‌కు ఏమీ కాలేదు. తెగినా గ్యారంటీ ఏమీ లేదు, కనీసం అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది. బలమైన ట్రెండ్‌లో ఆర్‌ఎస్‌ఐ దిగివచ్చి 40, 50 మధ్య ఆగి మళ్లీ లేస్తుంటుంది. అక్కడ ఆగుతోందంటే కొనేవాళ్లు ఇంకా ఉన్నట్టే. నెలల తరబడి ఒకే పరిధిలో పైకీ కిందికీ కొట్టుకునే షేర్లో, పై అంచు దగ్గర వచ్చిన డైవర్జెన్స్‌కు కొంత విలువ ఉంది, ఒప్పుకుంటా. సారుకు రెండూ ఒకటే.

అసలు స్వింగ్ హై, అంటే శిఖరం, అనేదే కుడి పక్కన కొన్ని క్యాండిల్స్ కిందికి వచ్చాక గానీ తెలియదు. క్లాసులో చూపించే చార్టులన్నిటికీ కుడి పక్క ఉంటుంది. అక్కడ ప్రతి టాప్ దగ్గరా డైవర్జెన్స్ దేవుడి గుర్తులా వెలుగుతుంది. అదే చార్టులో ఎడమ పక్కన పని చేయని నాలుగు డైవర్జెన్స్‌లు ఉంటాయి. వాటి మీద గీత గీయరు, అంతే. పైగా ఈ క్లాసుకు ఫీజు.

క్లాసులో కూర్చునేది ఎవరు? యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్‌లో అమ్మి, పైసలు ఖాతాలో పడ్డాక, "నాయినా, నెలకు డబుల్ చేస్తా" అని తండ్రి దగ్గర తీసుకున్న పిలగాడు. వాడు మార్కెట్ పడుతుందని, పడితే లాభమిచ్చే పుట్ ఆప్షన్ కొంటాడు. మార్కెట్ పెరగకపోయినా, ఊరికే నిలబడినా గడువు తీరే ఎక్స్‌పైరీకి, దానికి కట్టిన ప్రీమియం కరిగిపోతుంది. మళ్లీ కొంటాడు, ట్రిపుల్ డైవర్జెన్స్ కదా. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో వ్యక్తిగతంగా ట్రేడ్ చేసినవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారని, మనిషికి సగటున 2 లక్షల దాకా పోయిందని సెబీయే చెప్పింది. రెండు లక్షలు! ఆరుగాలం నడుం వంచిన మనిషి డబ్బది. పోయిందని పిలగాడు అడిగితే ఈయన ఏమన్నాడో తెలుసా? "స్టాప్‌లాస్ పెట్టమన్నా కదా." ఏ మెసేజ్‌లో చెప్పావయ్యా? ఎర్ర బాణం పక్కన ఎక్కడైనా ఒక్క అంకె రాశావా, ఇది దాటితే నేను తప్పు అని? గీత జరిపినవాడివి నువ్వు, డబ్బు పోయినవాడు వాడు, తిట్లూ వాడికేనా?

సారు ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేడు. కొత్తగా ఇంకో విద్య నేర్చాడు. ధర దిగివచ్చినప్పుడు గుంట పాతదాని కంటే ఎత్తులో ఉండి, ఆర్‌ఎస్‌ఐ గుంట మాత్రం పాతదాని కంటే లోతుగా ఉంటే దాన్ని హిడెన్ డైవర్జెన్స్ అంటారు. ట్రెండ్ పైకే కొనసాగవచ్చు అని దాని అర్థం. ఇక శిఖరం దగ్గర ఎర్ర బాణం, గుంట దగ్గర పచ్చ బాణం, రెండూ ఒకే చార్టు మీద. ఏది జరిగినా సారు ముందే చెప్పినట్టే. దీనికి ఆదివారం స్పెషల్ బ్యాచ్ పెట్టారు. పాత విద్యార్థులకు ఫీజులో రాయితీ ఉందట. వాళ్ల దగ్గర ఇప్పుడు అంతే ఉంటుందని ఆయనకు తెలుసు.