ట్యూబు మీది 50లో మంగు మచ్చల లెక్క లేదు

అనంతపురంలో మా వదిన ఉగాదికి కొన్న సన్‌స్క్రీన్ ట్యూబు దసరా దాకా వచ్చింది. యాభై గ్రాముల ట్యూబు, ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 50. స్కూటరు మీద బడికి బయలుదేరే ముందు రోజూ రాసుకునేది. అయినా బుగ్గల మీది మంగు మచ్చలు ఆ వేసవిలో ఇంకా ముదిరాయి. "మన రంగుకు ఎండ ఏం చేస్తుంది, ఆ పూతలెందుకు?" అంటుంది మా అమ్మ. "క్రీము పని చేయలేదు" అంటుంది వదిన. నా లెక్కలో ఇద్దరూ సగం సగం తప్పు.

అమ్మ మాటలో నిజం చర్మానికి రంగునిచ్చే మెలనిన్. అది మన చర్మంలో పుట్టుకతో ఉన్న గొడుగు. 1979లో అమెరికాలో కొలిచి చూస్తే నల్లవారి పైచర్మం ఒక్కటే దాదాపు ఎస్‌పీఎఫ్ 13తో సమానంగా కాపాడుతోందని, తెల్లవారిది 3 పైచిలుకేనని తేలింది. చామనఛాయ ఈ రెంటి మధ్యలో ఉంటుంది. కానీ 13 అన్నా కమిలించే కిరణాల్లో పదమూడో వంతు లోపలికి దిగుతున్నట్టే. నడివేసవిలో అనంతపురం ఎండకు ఆ వంతు తక్కువేమీ కాదు.

వదిన ఫిర్యాదు ఇంకా ఆసక్తికరమైనది. ఎస్‌పీఎఫ్‌ను కొలిచేది చర్మం ఎర్రగా కమలడాన్ని బట్టి. మన చర్మం ఎర్రబడటం కంటే ముందు నల్లబడుతుంది, ఆ నలుపు నెలల తరబడి వదలదు. నల్లబడటాన్ని బట్టి కొలిచేది డబ్బా మీద 'పీఏ' పక్కన ఉండే ప్లస్ గుర్తులు. నాలుగుంటే మేలు. అయితే మంగుకు ఇదీ చాలదు. మన కంటికి కనిపించే వెలుగు, ముఖ్యంగా అందులోని నీలికాంతి, ముదురు రంగు చర్మాన్ని నల్లబరుస్తుంది. తెల్ల చర్మంలో ఈ ప్రభావం దాదాపు కనిపించదు. ఎస్‌పీఎఫ్‌కూ, పీఏకూ కూడా ఈ వెలుగు లెక్కలోకి రాదు. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు కూడా.

ఆపేది రంగు. తెల్లగా ఉండే జింక్ ఆక్సైడ్ క్రీములు మన ముఖం మీద బూడిద పూసినట్టు కనిపిస్తాయి. వాటిలో ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు కలిపితే మట్టిరంగు వస్తుంది. ముఖానికి నప్పే ఆ రంగే నీలికాంతిని అడ్డుకునే పదార్థం కూడా. డబ్బా వెనుక పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్స్ అని గానీ, 77491, 77492, 77499 అనే సంఖ్యలు గానీ ఉన్నాయేమో చూడాలి. మంగు ఉన్నవాళ్లు ఎస్‌పీఎఫ్ 30ని 50 చేసుకోవడం కంటే ఈ సంఖ్యల కోసం వెతకడం మంచిదని నా అభిప్రాయం. దానితోనే మంగు పోతుందని కాదు. గర్భం, హార్మోన్లు కూడా దానికి కారణాలే. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన 'తెల్లబరిచే' క్రీములు మాత్రం చర్మాన్ని పలచబరిచి ఎండకు ఇంకా లొంగేలా చేస్తాయి.

ఇక పరిమాణం. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాములు పూసి ఎస్‌పీఎఫ్ తేలుస్తారు. ముఖం, మెడ కలిపి ఆరువందల చదరపు సెంటీమీటర్లనుకుంటే ఒక్కసారికి సుమారు 1.2 గ్రాములు కావాలి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు అంత వస్తుంది. ఆ లెక్కన యాభై గ్రాములు నలభై పూతలకు సరి. వదిన దాన్ని ఆరు నెలలు లాగింది. అంటే రోజుకు పావు గ్రాము చిల్లర, కావలసిన దానిలో నాలుగో వంతు. ఆమె ముఖం మీద 50 అనేది ఏనాడూ లేదు. ధర చూస్తే ఆమెను తప్పుపట్టలేం. అందుకే స్కూటరు మీద చుట్టుకునే పలచని చున్నీని మార్చి దట్టమైన నేత ఉన్న ముదురు రంగు గుడ్డ తీసుకోమన్నాను. క్రీము కంటే చవక, గంటగంటకూ మళ్లీ రాసే పని లేదు.

క్యాన్సర్ మాట వేరు. చర్మ క్యాన్సర్ మనలో తెల్లవారికంటే చాలా అరుదు. వచ్చే వాటిలో ఎండతో ముడిపడినది బేసల్ సెల్ కార్సినోమా. ముక్కు మీదో, కంటిరెప్ప దగ్గరో మెరిసే నల్లని బొడిపెలా మొదలవుతుంది, పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. అది పుండుపడి, మాని, మళ్లీ పుండుపడుతుంటే చూపించుకోవాలి. మెలనోమా అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ మాత్రం ముదురు రంగువారిలో ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. అక్కడ దానికి కారణం ఎండ కాదు కాబట్టి ఏ సన్‌స్క్రీనూ ఆపలేదు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది, 1981లో చనిపోయాడు. వేరుశనగ చేలలో చెప్పుల్లేకుండా తిరిగే మన దగ్గర అరికాలి నల్లమచ్చను ఆనెకాయనో, ముల్లు గుచ్చిన గుర్తనో అనుకోవడం సహజం. ముదురు రంగు వాళ్లలో చాలా గోళ్లకు సన్నని నల్ల చారలుండటం మామూలే, భయపడనక్కరలేదు. ఒకే గోటికి చార వచ్చి, వెడల్పవుతూ, ఆ నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకితే మాత్రం ఆలస్యం చేయకుండా చర్మవైద్యుడికి చూపించాలి. ఆ సంగతి చెప్పాక అమ్మ మంచం మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, తన కాలిగోళ్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంది.